సవరణ: సైడ్‌చైన్ రిలీజ్ 300 మిల్లీసెకన్ల గురించి

కిక్ డ్రమ్ మోగినప్పుడల్లా కంప్రెసర్‌తో బేస్‌ను తగ్గించడమే సైడ్‌చైన్; అలా తగ్గిన బేస్ మళ్లీ పైకి రావడానికి పట్టే సమయం రిలీజ్. దాన్ని 300 మిల్లీసెకన్లు పెట్టమని ఇంతకుముందు చెప్పాను. దానిపై ఒకరు ఇలా అడిగారు:

“మీరు చెప్పిన 300 పెట్టాను. కిక్ బాగా వినిపిస్తోంది గానీ బేస్ దాదాపు మాయమైంది. ఎందుకు?”

ఆ 300 సాగదీసిన బేస్ స్వరాలకు సరిపోయే అంకె. కిక్‌కూ కిక్‌కూ మధ్యలో బేస్ పడే పాటకు అది పనికిరాదు.

నిమిషానికి 128 బీట్ల వేగంలో ఒక్కో బీట్ సుమారు 469 మిల్లీసెకన్లు. మధ్యలో వచ్చే బేస్ స్వరం కిక్ మొదలైన 234 మిల్లీసెకన్లకు పడుతుంది. రిలీజ్ లెక్క కిక్ మొదలైనప్పటి నుంచి కాదు, దాని శబ్దం థ్రెషోల్డ్, అంటే కంప్రెసర్ పని మొదలుపెట్టే హద్దు, కిందికి దిగినప్పటి నుంచి. కిక్ తోక 120 మిల్లీసెకన్లు ఉందనుకుంటే, 300 రిలీజ్‌తో బేస్ పూర్తిగా కోలుకునేసరికి దాదాపు 420 అవుతుంది. అప్పటికి ఆ స్వరం సగానికి పైగా అణగిపోయి ఉంటుంది. అదే 100 పెడితే 220 దగ్గరే తేరుకుంటుంది. కంప్రెసర్‌ను బట్టి రిలీజ్ కొలత మారుతుంది కాబట్టి అంకెను నమ్మకండి, బేస్ ఎంత తగ్గుతోందో చూపే గెయిన్ రిడక్షన్ మీటర్ చూడండి: బేస్ స్వరం మొదలయ్యేలోపు ముల్లు సున్నాకు చేరాలి.

కిక్ తోక మరీ పొడవైతే రిలీజ్ ఎంత తగ్గించినా ఫలితం ఉండదు. అప్పుడు బయటికి వినిపించకుండా అవుట్‌పుట్ తీసేసిన మరో ట్రాక్‌లో పొట్టి కిక్ పెట్టి, కంప్రెసర్‌కు దాన్నే సైడ్‌చైన్‌గా ఇవ్వండి; వినిపించే కిక్ అలాగే ఉంటుంది. నాకైతే మొదటి నుంచీ ఇదే నచ్చుతుంది. కిక్ పడ్డాక బేస్ తగ్గడానికి పట్టే సమయమైన అటాక్‌ను మాత్రం సున్నాకు దించకండి, బేస్‌లో టిక్కుమనే శబ్దం వస్తుంది. 2 నుంచి 5 మిల్లీసెకన్లు చాలు.