పొదుపు పెంచితే పంట ఎప్పుడు?

దేశంలో పొదుపు రేటు 2007-08లో జీడీపీలో 36 శాతం దాటింది. ఇప్పుడది 30 శాతం దరిదాపుల్లో ఉంది. మళ్లీ అక్కడికి చేరిస్తే వృద్ధి దానంతటదే పరుగెడుతుందన్న వాదన తరచూ వినబడుతోంది. అందులో సగమే నిజం. మిగతా సగాన్ని అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1956లోనే లెక్కగట్టి చూపారు.

ఒక్కో కార్మికుడికి ఉన్న మూలధనం k, అతని ఉత్పత్తి y, వీటి మధ్య లంకె y = k^(1/3) అనుకుందాం. దర్జీకి మొదటి కుట్టుమిషన్ తెచ్చిపెట్టే రాబడి రెండోది తేలేదు, మూడోది మూల పడి ఉంటుంది. ఆ 1/3 చెప్పేది అదే. ఇక పాత యంత్రాలు ఏటా 3 శాతం అరిగిపోతాయి. కొత్తగా పనిలో చేరే 1 శాతం మందికీ యంత్రాలు కావాలి. అంటే k తగ్గకుండా ఉండాలంటేనే ఏటా అందులో 4 శాతం పెట్టాలి. ఉత్పత్తిలో పొదుపు వాటా s అనుకుంటే, ఆ పొదుపు సరిగ్గా అంతకే సరిపోయేచోట k ఆగిపోతుంది. అదే స్థిరస్థితి, అక్కడి k విలువే k*.

s·k^(1/3) = 0.04k, కనుక k* = (s/0.04)^(3/2)

తేడా స్పష్టంగా కనబడాలి కాబట్టి పెద్ద మార్పునే తీసుకుందాం. పొదుపు రేటు s 16 శాతమైతే k* 8, ఉత్పత్తి 2, తిని కట్టుకోవడానికి మిగిలేది 1.68. పొదుపు 36 శాతానికి పెరిగితే k* 27, ఉత్పత్తి 3, వినియోగం 1.92. పొదుపు రెట్టింపు దాటినా ఉత్పత్తి ఒకటిన్నర రెట్లే అయింది.

అసలు చిక్కు దారిలో ఉంది. పొదుపు పెంచిన రోజున ఉత్పత్తి ఇంకా 2 దగ్గరే ఉంటుంది, వినియోగం మాత్రం 1.68 నుంచి 1.28కి పడిపోతుంది. తలసరి ఉత్పత్తి మొదట్లో ఏటా 1.7 శాతం చొప్పున పెరుగుతుంది, మంత్రులు మురిసిపోయేది ఈ అంకె చూసే. ఆ వేగం క్రమంగా సున్నాకు జారుతుంది. వినియోగం పాత 1.68ని మళ్లీ అందుకోవడానికి సుమారు 32 ఏళ్లు పడుతుంది. ఇవాళ పాతికేళ్ల యువకుడికి అప్పటికి 57 ఏళ్లు. ఆ తర్వాత కూడా వృద్ధి కొనసాగాలంటే సాంకేతికత మెరుగుపడాలి, అది పొదుపు పెంచినంత మాత్రాన రాదు.

సింగపూర్ ఈ దారిలో నడిచింది. అక్కడి ప్రావిడెంట్ ఫండ్‌కు 1984 నాటికి జీతంలో ఉద్యోగి 25 శాతం, యజమాని మరో 25 శాతం కట్టేవారు. 1985 మాంద్యం తర్వాత యజమాని వాటాను 10 శాతానికి తగ్గించాల్సి వచ్చింది. సింగపూర్‌కు విదేశీ పెట్టుబడి కూడా వెల్లువెత్తింది, సోలో లెక్కలో అలాంటి వెసులుబాటు లేదు. మన దగ్గరా విదేశీ నిధులు కొంత భారం మోయగలవు.

పొదుపు పెంచడానికి మేం వ్యతిరేకం కాదు. లక్ష్యాన్ని ప్రకటించేవారు ఎక్కడ ఆగాలో కూడా చెప్పాలన్నదే మా మాట. పై లెక్కలో స్థిరస్థితి వినియోగం అత్యధికంగా, 1.925గా ఉండేది పొదుపు 33.3 శాతం దగ్గర. 36 శాతానికి వెళితే అది 1.92కి తగ్గుతుంది.