పరుగు కన్నా ముందు ఆగడం నేర్పాలి

ప్రాథమిక పాఠశాలల్లో ఆటల పీరియడ్ మీద చర్చ వచ్చిన ప్రతిసారీ మైదానాలు, పీఈటీ పోస్టులు, క్రీడా సామగ్రి దగ్గరే ముగిసిపోతోంది. ఆ పీరియడ్‌లో ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఏం నేర్పాలి, ఏ క్రమంలో నేర్పాలి అన్న ప్రశ్నను ఎవరూ పట్టించుకోవడం లేదు. తెలంగాణ ప్రాథమిక బడుల్లో నడిచే తొలిమెట్టు కార్యక్రమం పుణ్యమా అని చదవడానికీ లెక్కలకూ పాఠ్య ప్రణాళిక రాసే అలవాటు ఉపాధ్యాయులకు వచ్చింది. అదే ఉపాధ్యాయులు పిల్లలను మైదానంలోకి తీసుకెళ్లినప్పుడు మాత్రం బంతి ఇచ్చి వదిలేస్తారు, లేదా వరుసల్లో నిలబెట్టి డ్రిల్ చేయిస్తారు. రెండింటిలోనూ నేర్పడం లేదు. ఆరేడేళ్ల పిల్లలకు వ్యాయామ విద్యలో మొదటి పాఠం పరుగు కాదు, ఆగడం. భద్రతా నియమాలు కూడా ఆటకు ముందు చదివి వినిపించే జాబితాగా కాకుండా, శరీరంతో సాధన చేసే నైపుణ్యంగా ఆ పాఠంలోనే ఉండాలి.

ఇందుకు కారణం పిల్లల శరీర నిర్మాణంలోనే ఉంది. పెద్దలతో పోలిస్తే చిన్నపిల్లల తల శరీరానికి పెద్దదిగా ఉంటుంది కాబట్టి బరువు పైభాగాన ఎక్కువగా ఉంటుంది. వేగంగా వస్తూ ఒక్కసారిగా ఆగాలంటే మోకాళ్లు వంచి, నడుమును కిందికి దించి, పాదాలను ఎడంగా పెట్టి, చివరి రెండు మూడు అడుగులను చిన్నవిగా వేయాలి. ఇవేవీ చెప్పకుండా పిల్లవాడిని పరుగెత్తమంటే కాళ్లు బిగుసుకుని, ఒళ్లు ముందుకు తూలి, అరచేతుల మీదో ముఖం మీదో పడతాడు. పడకపోతే ఎదురుగా ఉన్న గోడ పట్టుకుని ఆగుతాడు, గోడ లేకపోతే పక్క పిల్లవాడి చొక్కా పట్టుకుంటాడు. ఇక రెండో కారణం చూపు. కొత్తగా వేగం అందుకుంటున్న పిల్లలు తమ పాదాలనే చూసుకుంటూ పరుగెత్తుతారు. అలా తలలు వంచుకుని వచ్చే ఇద్దరు ఎదురెదురుగా ఢీకొంటే దెబ్బ నేరుగా తలలకే తగులుతుంది. ఆటస్థలంలో మనం ప్రమాదం అని పిలిచేదాంట్లో ఎక్కువ భాగం నేర్పని నైపుణ్యమే.

దేవరకొండ వైపు ఒక ఊళ్లో రెండో తరగతి ఉందనుకుందాం. పిల్లలు 32 మంది, పీరియడ్ 40 నిమిషాలు, మొరం నేల, ఒక మూలన వేపచెట్టు, మరో మూలన బోరింగు గద్దె. పాఠం పిల్లలు బయటికి రాకముందే మొదలవుతుంది. రాత్రిపూట బడి ఆవరణలో తాగి పగలగొట్టిన సీసా పెంకులు, గాలికి కొట్టుకొచ్చిన సర్కారు తుమ్మ ముళ్లు, గుండ్రాళ్లు ఏరి పారేయాలి. గోడకూ బోరింగు గద్దెకూ చెట్టు వేళ్లకూ కనీసం మూడు మీటర్ల దూరం వదిలి, సుమారు 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున ముగ్గుతో నాలుగు గీతలు వేయాలి. టేపు లేకపోతే పెద్దవాళ్ల అంగలతో 16, 13 చొప్పున కొలిస్తే దాదాపు సరిపోతుంది. ఆ గడిలో ఒకసారి సగం మందే, అంటే 16 మందే కదలాలి. అప్పుడు ఒక్కొక్కరికి ఏడు చదరపు మీటర్లకు పైగా చోటు దొరుకుతుంది.

కాళ్ల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. హవాయి చెప్పులతో పరుగెత్తిస్తే చెప్పు జారి చీలమండ మెలిపడుతుంది. సగం మంది బూట్లతో, సగం మంది ఉత్తికాళ్లతో ఉంటే బూటు కింద వేళ్లు నలుగుతాయి. కాబట్టి అందరికీ బూట్లైనా ఉండాలి, నేల శుభ్రంగా ఉండి ఇంకా కాలకముందే అయితే అందరూ ఉత్తికాళ్లతోనైనా ఉండాలి. పాలమూరు, నల్లగొండ ఎండలు తెలిసినవాళ్లెవరూ ఈ పాఠాన్ని మధ్యాహ్న భోజనం తర్వాత పెట్టరు. ఫిబ్రవరి దాటితే దీన్ని మొదటి పీరియడ్‌లోనే ముగించాలి.

మొదటి ఐదు నిమిషాలు పిల్లలతో కలిసి గీత వెంట నడవాలి. గడి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాళ్ల కాళ్లకు తెలియాలి. నియమాలు మూడే: విజిల్ వినగానే ఆగాలి, గీత లోపలే ఉండాలి, తల ఎత్తి చూడాలి. పది నియమాలు చెబితే ఆరేళ్ల పిల్లలకు ఒక్కటీ గుర్తుండదు. "తోసుకోవద్దు, అరవద్దు, పడొద్దు" అని చెబితే ఏం చేయాలో అసలే తెలియదు. విజిల్‌కు ఈ పాఠంలో ఆగు అన్న ఒక్క అర్థమే ఉండాలి. మొదలుపెట్టడానికి చప్పట్లు వాడాలి. రెండింటికీ విజిలే వాడిన చోట పిల్లలు ఒక్క క్షణం అనుమానంలో పడతారు, ఢీకొట్టుకోవడానికి ఆ క్షణం చాలు.

తర్వాత 16 మంది గడిలోకి వచ్చి ఇష్టమైన దిక్కుకు నడుస్తారు. మిగతా 16 మంది గీత బయట కూర్చుని తలా ఒక జోడీని చూస్తారు. విజిల్ వేయగానే తమ జోడీ ఎన్ని అడుగుల్లో ఆగిందో వాళ్లు లెక్కపెట్టాలి. నడకలో అందరూ రెండడుగుల్లోపు ఆగిన తర్వాతే వేగంగా నడిపించాలి, అందులోనూ ఆగగలిగాకే మెల్లగా పరుగెత్తించాలి. రెండు మూడు నిమిషాలకు ఒకసారి గుంపులు మారాలి. పిల్లలు "సార్, వీడు నాలుగడుగులు పోయిండు" అని చెప్పడం మొదలుపెడితే పాఠం సరిగా నడుస్తోందని అర్థం, ఎందుకంటే అప్పటికి ఏది చూడాలో వాళ్లకు తెలిసిపోయింది.

ఈ దశలో ఉపాధ్యాయుడు ముందుగా పాదాల చప్పుడు వినాలి. మోకాలు వంగి దిగిన పాదం మెత్తగా దిగుతుంది, బిగుసుకున్న కాలు నేల మీద దబ్బున పడుతుంది. ఆ తర్వాత మోకాళ్లు, పాదాల మధ్య ఎడం, చూపు, ఈ మూడింటినీ గమనించాలి. విజిల్ వేసిన తర్వాత కూడా అడుగులు ముందుకు పడుతున్న పిల్లలకు "జాగ్రత్త" అని కేక వేస్తే ఉపయోగం లేదు. "కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము దించు" అంటే శరీరం వెంటనే అర్థం చేసుకుంటుంది. చూపు కిందికే ఉంటే, పరుగు మధ్యలో ఉపాధ్యాయుడు చేయి పైకెత్తి వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనాలి. తల దానంతటదే లేస్తుంది.

చివరి పది నిమిషాలు తోకాట. ప్రతి పిల్లవాడూ, పిల్లా నడుము వెనక చేతిరుమాలో గుడ్డ పీలికో దోపుకుంటారు. ఒకరి తోక ఒకరు లాగాలి, మనిషిని మాత్రం తాకకూడదు. దీనిలో పరుగు, మలుపు, ఆగడం మూడూ వస్తాయి. తోక పోయినవాళ్లు బయటికి వెళ్లరు, గీత దగ్గర పీలికల కట్ట పట్టుకున్న ఉపాధ్యాయుడి దగ్గరికి నడిచి వచ్చి కొత్త తోక తీసుకుని మళ్లీ చేరతారు.

ఈ చివరి నియమం గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. అవుటైనవాళ్లను కూర్చోబెట్టే ఆటల్లో మొదట కూర్చునేది మెల్లగా కదిలేవాళ్లు, తూలేవాళ్లు, భయపడేవాళ్లు. అంటే సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే అందరికన్నా తక్కువ దొరుకుతుంది. రిలే పరుగుల్లో జరిగే నష్టం ఇంకా ఎక్కువ. 32 మందిని ఎనిమిదేసి చొప్పున నాలుగు వరుసలు చేసి, ఒక్కొక్కరికి పది సెకన్ల పరుగు పెట్టండి. ప్రతి పిల్లవాడూ పది సెకన్లు కదిలి డెబ్భై సెకన్లు నిలబడతాడు. అలా 20 నిమిషాలు ఆడించినా ఒక్కొక్కరికి దక్కే కదలిక రెండున్నర నిమిషాలే. వరుసలో నిలబడ్డ పిల్లలు విసిగి ఒకరినొకరు తోసుకుంటారు. మన బడుల్లో "పిల్లలు మాట వినరు" అనే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఈ నిరీక్షణే. దానికి తోడు రిలే ముగింపు గీతను గోడ దగ్గరే గీయడం నేను చూశాను. గోడే గమ్యమైతే పిల్లవాడు ఆగడం ఎప్పటికీ నేర్చుకోడు. ముగింపు గీత తర్వాత కూడా కనీసం ఐదారు మీటర్ల ఖాళీ నేల ఉండాలి.

పల్లె పిల్లలు పొద్దంతా పరుగెత్తుతూనే ఉంటారు, తొక్కుడుబిళ్ల ఆడతారు, చెట్లెక్కుతారు, వాళ్లకు నేర్పేదేముంది అని కొందరంటారు. ఇందులో కొంత నిజముంది, ఆ ఆటలు విలువైనవే. అయితే ఆ ఆటల్లోకి అందరూ రారు. చెల్లెనో తమ్ముణ్నో చంకనెత్తుకుని అరుగు మీద కూర్చునే ఆడపిల్ల రాదు, అమ్మానాన్నలతో వలస పోయి మధ్యలో బడికి తిరిగొచ్చిన పిల్లవాడిని ఎవరూ పిలవరు. ఉన్నవాళ్లలోనూ నేర్పుగలవాళ్లే ఎక్కువ ఆడతారు. అందరికీ సమానంగా సాధన దొరికే చోటు బడి ఒక్కటే.

ఇంత చేసినా దెబ్బలు తగులుతాయి, వాటికీ పాఠ్య ప్రణాళికలో చోటుండాలి. గీరుకుపోయిన మోకాలిని సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి మట్టి పోయేలా చూడాలి. పసుపో సున్నమో అద్దకూడదు. తలకు దెబ్బ తగిలితే పిల్లవాడు బాగానే ఉన్నానని చెప్పినా ఆ రోజు మళ్లీ ఆటలోకి పంపకూడదు. వాంతి, మత్తు, తికమక, పెరిగే తలనొప్పి ఉంటే 108కు ఫోన్ చేయాలి. ఇవేవీ కనిపించకపోయినా ఇంటి దగ్గర కనిపెట్టి ఉండమని తల్లిదండ్రులకు చెప్పి పంపాలి. ఉబ్బసం ఉన్న పిల్లలెవరో, కీళ్ల నొప్పులున్నవారెవరో పీరియడ్‌కు ముందే తెలిసి ఉండాలి. చాలా బడుల్లో దీనికి భిన్నంగా ఒక పిల్లవాడికి దెబ్బ తగలగానే ఆ నెలంతా ఆటలు రద్దు చేస్తారు. దాన్ని భద్రత అనలేం. ఆగడం రాని పిల్లలను ఆగడం రాకుండానే పైతరగతికి పంపడం అది.

అసలు చిక్కు వ్యవస్థలో ఉంది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ఆటస్థలం, ఆట సామగ్రి ప్రతి బడికీ ఉండాలని దాని షెడ్యూలు చెబుతుంది. వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడిని మాత్రం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు, అదీ వందకు మించి పిల్లలున్న చోటే అడుగుతుంది. అంటే కదలికలు అచ్చుబడే ఆరేడేళ్ల వయసులో నిపుణుడు లేడు, అవి అలవాటుగా స్థిరపడిపోయాక వస్తాడు. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ అని పేరు పెట్టినా ఈ తలకిందుల ఏర్పాటు మారలేదు. కనుక ప్రాథమిక తరగతుల్లో ఈ పాఠం చెప్పాల్సింది అక్కడ అన్ని పాఠాలూ చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లు, అంటే ఎస్జీటీలే, వాళ్లకు దాన్ని నేర్పాల్సింది డీఎల్‌ఎడ్ శిక్షణ, మండల స్థాయి సమావేశాలు. అక్కడ క్రీడల నియమ నిబంధనల మీద ఉపన్యాసం కన్నా ముగ్గు, విజిల్, గుడ్డ పీలికలతో ఒక గంట మైదానంలో చేయించి చూపడం వందరెట్లు మేలు.

పర్యవేక్షణకు వచ్చే అధికారులు కూడా మైదానంలో ఎంతమంది పరుగెత్తుతున్నారని కాకుండా రిజిస్టరులో ఒక పేజీ చూపించమని అడగాలి. ఆ పేజీలో ఉపాధ్యాయుడు ఒక్కో పీరియడ్‌లో ఎనిమిది మందిని మాత్రమే గమనించి, మోకాలు, పాదాలు, చూపు అనే మూడు గడుల్లో టిక్కు పెట్టుకుంటూ పోతే నాలుగు పీరియడ్లలో 32 మందీ పూర్తవుతారు. అప్పటికి మూడొంతులకు పైగా పిల్లలు మెల్లని పరుగులో రెండడుగుల్లోపు ఆగగలిగితే ఐదో పీరియడ్‌లో ఒంటికాలి కుంటు, రెండు కాళ్ల దూకుడు మొదలుపెట్టవచ్చు. ఆగలేకపోతే అదే పాఠాన్ని గడి కొంచెం పెంచి, గుంపును పది మందికి తగ్గించి మళ్లీ నడపాలి.