మాఘం పెళ్లికి శ్రావణంలోనే లక్షా ఇరవై వేలా?

"మా చిన్నమ్మాయి పెళ్లి మాఘంలో, గుంటూరులో. ఫోటోలకు, వీడియోకు విజయవాడ ఆయనను మాట్లాడాను. మొత్తం 2,40,000. సగం ఇప్పుడే, శ్రావణంలోనే కట్టమంటున్నాడు. అంతా ఒకేసారి కడితే 30,000 తగ్గిస్తాడట. బయానాలు తీసుకుని మాయమవుతున్న వాళ్ల గురించి వింటుంటే భయంగా ఉంది. కట్టవచ్చా?"

అడిగినది పెళ్లికూతురి తండ్రి. వాదించుకున్నది ఆయన పక్కింటి అత్తయ్య, ఆవిడ మేనల్లుడు. అత్తయ్య బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మేనల్లుడు పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మనిషి.

అత్తయ్య: 10,000 చేతిలో పెట్టి తేదీ రాయించుకోండి. అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. పని చేశాక డబ్బు. కూలివాడికైనా, కంపెనీకైనా అదే న్యాయం.

మేనల్లుడు: ఆ న్యాయం నాకు వర్తించదు అత్తయ్యా. మాఘంలో గట్టి ముహూర్తాలు ఎన్ని ఉంటాయి? ఒక తేదీ మీకు ఇచ్చానంటే ఆ రోజు అడిగిన మిగతా వాళ్లందరినీ పంపించేసినట్టే. పుష్యంలో మీరు ఫోను చేసి "మా బంధువుల అబ్బాయితో తీయించుకుంటున్నాం" అంటే ఆ తేదీని నేను మళ్లీ ఎవరికీ అమ్ముకోలేను. 10,000 పోయినా ఫరవాలేదనుకుని మానుకునేవాళ్లు నాకే తగిలారు.

అత్తయ్య: అందుకని సగం అడుగుతారా?

మేనల్లుడు: సగం అడిగినవాణ్ణి నేను సమర్థించడం లేదు. ఆరు నెలల ముందు ఆ సగంతో అతనికి పనేమిటని అడుగుతున్నాను. ఈ పనిలో ఖర్చు ఎప్పుడు వస్తుందో చూడండి. ఇద్దరు ఫోటోవాళ్లు, ఇద్దరు వీడియోవాళ్లు, రెండు రోజులు. తలకు రోజుకు 6,000 అనుకుంటే 48,000. డ్రోనుకు ఒక 10,000. ఇవి పెళ్లి రోజుల్లో చెల్లించేవి. ఎడిటింగు, ఆల్బముల ఖర్చు పెళ్లి తరువాతది. శ్రావణంలో మీ పెళ్లి కోసం అతను పెట్టే ఖర్చు దాదాపు ఏమీ లేదు. అలాంటప్పుడు 1,20,000 ఎక్కడికి పోతుంది?

పెళ్లికూతురి తండ్రి: కెమెరాలు కొంటాడేమో.

మేనల్లుడు: కెమెరాల వాయిదాలు కట్టవచ్చు, పోయిన వేసవి పెళ్లిళ్ల ఆల్బములకు ల్యాబు బాకీ తీర్చవచ్చు. మాయమయ్యేవాళ్లలో మొదటి రోజు నుంచీ మోసం చేయాలనుకున్నవాళ్లు కొందరే, బాబాయి గారూ. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది వచ్చే పెళ్లి డబ్బుతో అయిపోయిన పెళ్లి పని పూర్తి చేస్తూ నెట్టుకొచ్చినవాళ్లు. మూఢం వచ్చి రెండు మూడు నెలలు కొత్త బయానాలు ఆగాయంటే ఆ గొలుసు తెగుతుంది. ఫోను ఆగిపోయేది అప్పుడే. అందుకే సగం అడగడం కన్నా ఆ 30,000 తగ్గింపు నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఆరు నెలల ముందు డబ్బు చేతికి రావడానికి అంత వదులుకుంటున్నాడంటే బాకీలు మెడ మీద ఉన్నాయేమో అనుకోవాలి.

అత్తయ్య: అది నేను ఒప్పుకుంటాను. బ్యాంకులో అలాంటి ఖాతాలు చూశాను. కానీ దానికి మందు ఉంది. జీఎస్టీ నంబరు అడగండి, gst.gov.in లో వెతకండి. ఎవరి పేరున ఉందో, ఎప్పుడు నమోదైందో, ఇంకా నడుస్తోందో లేక రద్దయిందో కనిపిస్తుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. విజయవాడ దుకాణమంటూ 36 నంబరు ఇస్తే ఎందుకని అడగాలి. తరువాత స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించండి. రాకపోతే పోలీసు కేసు పెట్టండి. సరిపోతుంది.

మేనల్లుడు: సరిపోదు. సేవల వ్యాపారంలో ఏడాదికి 20 లక్షలు దాటనివాళ్లకు జీఎస్టీ తప్పనిసరి కాదు. నిజాయితీగా పనిచేసే చిన్నవాళ్లు చాలామంది అందులో లేరు. నంబరు ఉన్నవాడు మాయం కాడన్న హామీ లేదు. ఉన్న నంబరు తప్పని తేలితే మనిషిని వదిలేయండి, అంతవరకు పనికొస్తుంది. పోలీసుల దగ్గరికి వెళితే "ఇది డబ్బుల తగాదా, కోర్టుకు వెళ్లండి" అన్న మాట వినవలసి రావచ్చు. మోసం కేసు నిలవాలంటే డబ్బు తీసుకునేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. ఒకే ముహూర్తానికి తన దగ్గర ఉన్న మనుషులతో కుదరనన్ని కుటుంబాల డబ్బు తీసుకున్నాడని తేలితే అది బలమైన ఆధారం. కాబట్టి నష్టపోయినవాళ్లు ఒకరినొకరు వెతుక్కుని కలిసి వెళ్లాలి.

అత్తయ్య: వినియోగదారుల కమిషన్ ఉంది కదా. మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, అతని ఊరికి వెళ్లనక్కరలేదు. చెల్లించినది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోగా వేయాలి. ముందు 1915 కు ఫోను చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు.

మేనల్లుడు: అవన్నీ నిజమే. కానీ దుకాణం ఖాళీ చేసినవాడికి నోటీసు ఏ ఇంటికి వెళుతుంది? ఉత్తర్వు వచ్చినా వసూలుకు మళ్లీ తిరగాలి. పైగా మాఘంలో తలంబ్రాల ఫోటో ఏ కమిషన్ తీసి ఇస్తుంది?

పెళ్లికూతురి తండ్రి: నాకు అలాగే జరిగింది బాబూ. పెద్దమ్మాయి పెళ్లికి వంటలాయనకు 50,000 ముందే ఇచ్చాం. 500 ఆకులు చెబితే 300 మందికే వండాడు. రెండో బంతికే పప్పు అయిపోయింది. వియ్యంకుల వాళ్ల ముందు నేను పడ్డ అవమానం ఇప్పటికీ తలుచుకోలేను.

అత్తయ్య: అది వేరు అన్నయ్య గారూ. ఆయన వచ్చాడు, తక్కువ వండాడు. మనం మాట్లాడుతున్నది అసలు రానివాడి గురించి.

మేనల్లుడు: పూర్తిగా వేరని అనలేను. మీరిచ్చిన 50,000 ముందటి పెళ్లి సరుకుల బాకీకి పోయి ఉంటే మీ సరుకులకు డబ్బు తక్కువ పడి ఉండవచ్చు. వంటకు మాత్రం జాగ్రత్త తేలిక. కూరగాయలు, పాలు పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందు కొనేవి. బియ్యం, పప్పులు, నెయ్యి మీరే కొని మండపానికి చేర్చి, మాస్టరుకు వంట కూలి మాట్లాడుకుంటే అతను రాకపోయినా సరుకులు మీ దగ్గరే ఉంటాయి, ఇంకో మాస్టరును పిలవవచ్చు. ప్లేటు లెక్కన ఇస్తే 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు అడిగి ఎవరి పేరున ఉందో చూడండి. డెకరేషన్ వాళ్లకూ అంతే. పూలు ముందురోజు మార్కెట్లో రొక్కం పెట్టి కొంటారు. పూల డబ్బు ఆ వారంలో ఇస్తే చాలు.

అత్తయ్య: సరే, ఫోటోలకు రా. నీ లెక్క ఏమిటి?

మేనల్లుడు: 2,40,000 లో తేదీ కోసం ఇప్పుడు 40,000. పెళ్లికి వారం ముందు 60,000, అది మనుషుల కూలికి, డ్రోనుకు. మండపంలో డేటా చేతికి వచ్చాక 80,000. ఆల్బములు ఇంటికి వచ్చాక మిగిలిన 60,000. రొక్కం వద్దు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. యూపీఐలో డబ్బు పంపేముందు కనిపించే పేరు ఒప్పందంలోని పేరుతో కలవాలి. బావమరిది ఖాతాకు వేయమంటే ఆగిపోండి.

పెళ్లికూతురి తండ్రి: మండపంలో డేటా అంటే?

మేనల్లుడు: కార్డుల్లో ఉన్నదంతా అక్కడే మీ హార్డ్ డిస్కులోకి నకలు తీయడం. మంచి నాణ్యతలో తీసిన 4కె వీడియో గంటకు 45 జీబీ దాకా వస్తుంది, ఫోటోలు అదనం. 2 టీబీ డిస్కు కొని ఉంచండి. నకలుకు గంటన్నర, రెండు గంటలు పడుతుంది. అప్పగింతల హడావుడిలో ఎవరికీ గుర్తుండదు కాబట్టి ఇంట్లో ఒక కుర్రాణ్ణి ఆ పనికే కూర్చోబెట్టండి. ప్రతి కెమెరా ఫోల్డరు తెరిచి, నాలుగు ఫైళ్లు ఆడించి చూడాలి. రేపు అతను మాయమైనా ఇంకొకరితో ఆల్బము చేయించుకోవచ్చు. డేటా లేకపోతే ఎంత డబ్బు పెట్టినా ఆ రోజు తిరిగి రాదు.

అత్తయ్య: మంచి మాట. అయితే 80,000 కూడా ఎందుకు? డేటా వచ్చాక ఆల్బము చేతికి వచ్చేదాకా ఆపవచ్చు కదా.

మేనల్లుడు: ఇక్కడ నేను మా వాళ్ల పక్షాన మాట్లాడతాను. డేటా అందగానే ఫోన్లు ఎత్తనివాళ్లు ఉన్నారు. మిగతా డబ్బు కట్టలేక ఆల్బములు తీసుకెళ్లని కుటుంబాలున్నాయి. అవి స్టూడియో అరల్లో ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ల్యాబుకు డబ్బు కట్టింది మేము. అందుకే చాలామంది డేటా ఇవ్వడానికి భయపడతారు.

అత్తయ్య: ఆ భయానికి ఆడపిల్ల తండ్రి ఎందుకు జామీను ఉండాలి? వ్యాపారం మీది, నష్టభయమూ మీదే.

మేనల్లుడు: ఒక చేత్తో డిస్కు, ఒక చేత్తో డబ్బు. అంతకన్నా తగ్గితే నేనైతే ఒప్పుకోను.

అత్తయ్య: నేనైతే 50,000 దగ్గర ఆపుతాను. సరే, ఇంతకీ ఈ మనిషి మంచివాడో కాదో ఎలా తెలుస్తుంది? ఇన్‌స్టాగ్రామ్‌లో వేల మంది ఉన్నారట.

మేనల్లుడు: అక్కడి ఫోటోలు ఎవరివైనా కావచ్చు. ఒకే పెళ్లివి, స్నాతకం నుంచి అప్పగింతల దాకా, ఆరేడు వందల ఫోటోలు వరుసగా చూపించమనండి. దొంగిలించినవాడి దగ్గర అవి ఉండవు. తరువాత ఎనిమిది, పది నెలల కిందట పెళ్లయిన మూడు కుటుంబాల నంబర్లు తీసుకోండి. పోయిన నెల పెళ్లివాళ్లు వద్దు, వాళ్లు ఇంకా సంతోషంలోనే ఉంటారు. "ఫోటోలు బాగున్నాయా" అని అడగకండి. "ఆల్బము ఏ నెలలో వచ్చింది, ఎన్నిసార్లు ఫోను చేశారు" అని అడగండి. అన్నిటికన్నా నిజం చెప్పేవాళ్లు అతని దగ్గర రోజుకూలికి వచ్చే కెమెరా కుర్రాళ్లు, ఆల్బములు వేసే ల్యాబువాళ్లు. కుర్రాళ్ల కూలి నెలల తరబడి ఆగిందంటే, ల్యాబు పని ఆపిందంటే, మునిగిపోతున్నట్టు మీకన్నా ముందు వాళ్లకు తెలుస్తుంది.

అత్తయ్య: ల్యాబువాళ్లు ఈయనకు చెబుతారా? బేరగాడి గుట్టు బయట పెట్టరు.

మేనల్లుడు: సూటిగా అడిగితే చెప్పకపోవచ్చు. నేను అడిగితే ఒక మాట అంటారు, అననివాళ్లూ ఉంటారు. మండపం మేనేజరును మాత్రం ఎవరైనా అడగవచ్చు. ఒప్పందంలో ఇంకొకటి రాయించండి: పెళ్లికి మూడు వారాల ముందు ఫోటోగ్రాఫరు మండపం చూడటానికి రావాలి, వచ్చే మనుషుల పేర్లు ఇవ్వాలి. రాకపోతే వేరేవాళ్లను పెట్టుకునే హక్కు, బయానా వెనక్కి అడిగే హక్కు మీకు ఉండాలి. మూడు వారాలుంటే మాలో మేము ఫోన్లు చేసుకుని ఎవరినైనా కుదర్చగలం. ముందురోజు తెలిస్తే మాఘ ముహూర్తానికి ఎవరూ దొరకరు.

పెళ్లికూతురి తండ్రి: అయితే ఆ 40,000 ఇవ్వవచ్చా?

అత్తయ్య: 25,000 ఇవ్వండి.

మేనల్లుడు: ముందు ఆ మూడు కుటుంబాల నంబర్లు అడగండి. ఇవ్వడానికి నసిగితే 25,000 కూడా వద్దు. ల్యాబులో నేను రేపు అడిగి చెబుతాను.