పాతిక మిల్లీమీటర్ల తేడాలో మా ఊరు

హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, ఏ శీతోష్ణస్థితిలో బతుకుతున్నానో తెలియకుండానే నెత్తిన జుట్టు నెరిపించుకున్నాను. పోయిన వారం మా మేనల్లుడు రెండు ప్రాక్టీసు పుస్తకాలు పట్టుకొచ్చి, "మామయ్యా, మనది సవన్నానా, స్టెప్పీనా? ఒక దాంట్లో Aw అని ఉంది, ఇంకో దాంట్లో BSh అని ఉంది" అన్నాడు. వాడికి మార్కు పోయింది. నాకు ఊరే పోయినట్టయింది.

ప్రశ్న మామూలుదే. ఊరి పేరు ఇవ్వరు, పన్నెండు నెలల ఉష్ణోగ్రతలు, పన్నెండు నెలల వానలు ఇచ్చి, శీతోష్ణస్థితులకి అక్షరాల పేర్లు పెట్టే కొప్పెన్ వర్గీకరణలో ఇదేమిటో చెప్పమంటారు. మావాడు పట్టిక చూడగానే మే నెలలో ఎండ ముదిరింది, జూన్‌లో వాన మొదలవగానే వేడి దిగింది, కాబట్టి ఇది నైరుతి రుతుపవనాల ఊరే అని పట్టేశాడు. అన్నిటికంటే చల్లని నెల కూడా 18 డిగ్రీలు దాటింది, చలికాలంలో చినుకు లేదు, అంతే, Aw అని టిక్కు పెట్టేశాడు. ఇందులో తప్పేముంది అంటారా? ఉంది. కొప్పెన్ దొరగారి ఆఫీసులో ముందు పొడి కౌంటర్ దగ్గర లైన్లో నిలబడాలి. అంటే ముందు B అవునో కాదో తేల్చుకోవాలి, అక్కడ కాదని పంపించేస్తేనే ఏడాదంతా వేడిగా ఉండే ఊళ్ల కౌంటర్ A దగ్గరికి వెళ్లాలి. చాలామంది అక్షరమాల వరసలో A నుంచి మొదలుపెట్టి బోల్తాపడతారు.

ఆ తేల్చుకోవడం ఇలా. ఏడాది సగటు ఉష్ణోగ్రతను 20తో గుణించాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపు 70 శాతమో ఆపైనో వాన పడితే దానికి 280 కలపాలి. వేసవి వాన ఎక్కువగా ఆవిరైపోతుంది కదా, కాబట్టి తడి ఊరు అనిపించుకోవాలంటే ఎక్కువ పడాలని ఆయన లెక్క. (నెల్లూరు వాళ్లకి వాన ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలో పడుతుంది. ఈ లెక్కలో అదంతా చలికాలపు ఖాతా. అక్టోబర్‌లో నెల్లూరు బస్టాండులో నిలబడి ఈ మాట అనమనండి చూద్దాం.) మా పట్టికలో సగటు 26.6. గుణిస్తే 532, 280 కలిపితే 812. ఇది గీత, ఏడాది వాన దీనికి తక్కువైతే పొడి ఊరు, B. మొదటి పుస్తకంలో ఏడాది వాన 830, గీత దాటింది, సవన్నా. రెండో పుస్తకం వేరే ఏళ్ల సగటు తీసుకున్నట్టుంది, 805 వేసింది. గీతకి ఏడు మిల్లీమీటర్లు తక్కువ, గీతలో సగమైన 406 కంటే ఎక్కువ. కాబట్టి ఎడారి కాదు, స్టెప్పీ. రెండు పుస్తకాలూ కరెక్టే. తప్పు మా ఊరిది.

ఇందులో నాకు పుస్తకాల మీద కోపం లేదు. ఈ వానే ఒక పద్ధతీ పాడూ లేకుండా సరిగ్గా గీత మీదొచ్చి కూర్చుంటోంది. అటైనా పడాలి, ఇటైనా ఆగాలి. మావాడు ఒక ఉపాయం చెప్పాడు: "మొన్న సాయంత్రం ఒక్క వానకే వీధంతా మునిగింది కదా, అదొక్కటి కలిపితే 812 దాటదూ?" దాటదు నాయనా. ఇవి సాధారణంగా ముప్పై ఏళ్ల సగటులు. ఆ సాయంత్రం 20 మిల్లీమీటర్లు పడిందే అనుకో, ముప్పైతో భాగిస్తే సగటుకి చేరేది మిల్లీమీటరు కూడా కాదు. మన స్కూటర్ సైలెన్సర్‌లోకి నీళ్లెక్కినా, కొప్పెన్ పట్టికకి తడి అంటదు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం. సెప్టెంబర్ ఆఖర్లో ఎవరైనా అధికారి వచ్చి వానమాపకంలో చూసి, తక్కువైతే బిందెతో పోసి, ఎక్కువైతే వంపేసి, మా ఊరిని ఒకే అక్షరంలో ఉంచాలి.

రేపు సముద్ర ప్రవాహాలు. ఇప్పుడే పటం చూశాను. సోమాలియా తీరం వెంబడి ఉత్తరానికి ఒక బాణం, "ఇది ఉష్ణ ప్రవాహమా, శీతల ప్రవాహమా?" అని ప్రశ్న. భూమధ్యరేఖ నుంచి దూరంగా పోతోంది కాబట్టి ఉష్ణం అని మావాడు రాస్తాడు. నైరుతి గాలులు పైనీటిని తీరం నుంచి అవతలికి తోసేస్తే అడుగు నుంచి చల్లనీళ్లు పైకొస్తాయి, జూలైలో అక్కడ సముద్రం చల్లగానే ఉంటుందని నేను చెప్తాను. చలికాలంలోనైతే ఆ ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, బాణమే తలకిందులు. పటం మీద నెల పేరు వెతికాను. లేదు. కీ మాత్రం ఉంది, చివరి పేజీలో, ఒకే ఒక్క అక్షరం.