దగ్గు తగ్గింది కదా అని టీబీ మందు ఆపేస్తే

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి దగ్గొస్తే ముందు ఘాటు వల్లే అనుకుంటారు. రెండు వారాలు దాటినా తగ్గక, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంటే అప్పుడు కళ్లె పరీక్ష, టీబీ అని తేలడం. మందు ఆరు నెలలు. రెండో నెలకే దగ్గు పోయి, ఆకలి పుట్టి, మళ్లీ బస్తా ఎత్తగలుగుతాడు. మాత్ర వేసుకుంటే మాత్రం వికారం, పైగా మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఆపెయ్యాలనిపించడంలో వింతేముంది?

ఆ రంగు రిఫాంపిసిన్‌ది. బాక్టీరియా తన డీఎన్‌ఏను చదువుకునే ఎంజైముకు అతుక్కుని దాని పని ఆపేయడమే ఈ మందు చేసేది. ఆ ఎంజైము జన్యువులో ఒక్క అక్షరం మారినా మందు అతుక్కోకపోవచ్చు. ఈ మార్పును మందు తేదు, క్రిమి రెండుగా చీలేటప్పుడు దానంతటదే జరిగే పొరపాటు ఇది, సుమారు పది కోట్లకు ఒకటి. ఇంకో మందు ఐసోనియాజిడ్‌కు లొంగనివి పది లక్షలకు ఒకటి ఉంటాయనుకోండి. ఊపిరితిత్తిలో గుంత పడితే అందులోనే పది కోట్ల క్రిములు ఉండొచ్చు. అంటే మొదటి మాత్ర మింగకముందే ఐసోనియాజిడ్‌కు లొంగనివి ఓ వంద, రిఫాంపిసిన్‌కు లొంగనిది ఒకటో అరో లోపల కూర్చుని ఉన్నాయి. రెంటికీ లొంగనిది దాదాపు ఉండదు, అందుకే మందులు కలిపి ఇస్తారు. 1940ల్లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు తేరుకున్న రోగులు చాలామంది నెలల్లోనే మళ్లీ పడ్డారు, అప్పటికి వాళ్లలోని క్రిములకు ఆ మందు పనిచేయడం మానేసింది.

మరి రెండో నెలలో ఆపితే? చురుగ్గా పెరిగేవి అప్పటికే చచ్చుంటాయి, మందగించి నిద్రపోతున్నట్టుండేవి మిగులుతాయి. ఇవి మొండివి కావు, మందు తగలని సమయంలో ఉన్నాయంతే. అవి లేచి మళ్లీ కోట్లకు చేరాయంటే కొత్త పొరపాట్లకూ చోటు దొరికినట్టే. ఇక దగ్గొచ్చినప్పుడల్లా పది రోజులు వేసుకుని మానేయడం మరీ ప్రమాదం. అన్ని మందులూ ఒంట్లో ఒకేసేపు ఉండవు, కాబట్టి కొన్నాళ్లు ఒక్క మందే పనిచేస్తున్నట్టవుతుంది, దానికి లొంగనివే పిల్లల్ని పెడతాయి. అలా ఒక్కో మందూ చేజారుతుంది.

జలుబుకి మెడికల్ షాపులో కొనే అజిత్రోమైసిన్‌కీ ఇదే సూత్రం అనేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. అక్కడ అసలు తప్పు మధ్యలో ఆపడం కాదు, మొదలుపెట్టడం. జలుబు వైరస్‌ది, ఆ మాత్ర తగిలేది పేగుల్లోని అమాయకపు బాక్టీరియాకే, ఎన్ని రోజులు మింగితే వాటిలో అంత మొండితనం. డాక్టరే కోర్సు తగ్గిస్తే తగ్గించుకోవచ్చు. టీబీలో ఆ వెసులుబాటు మన చేతిలో లేదు.

మందు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది, తిండికి నెలకు 1000 రూపాయలు కూడా ఇస్తోంది. కూలి పోగొట్టుకుని కేంద్రానికి వెళ్లేవాడికి అది ఏ మూలకి? అందుకే ఆపిన వాణ్ని తిట్టి పంపితే వాడు మళ్లీ రాడు. ఎన్ని రోజులు మానేశాడో నిజం చెప్పనివ్వాలి, ఇంట్లో మిగిలిన మాత్రలు సొంతంగా మొదలుపెట్టనివ్వకుండా సీబీనాట్ అనే మిషను మీద కళ్లె పరీక్ష చేయాలి. రిఫాంపిసిన్ ఇంకా పనిచేస్తుందో లేదో ఆ మిషను రెండు గంటల్లో చెప్పేస్తుంది.