ఎదిగే వయసు, ఎదురులేని తీర్పు

పదమూడేళ్ల కుర్రాడు బాస్కెట్‌బాల్ ప్రాక్టీస్ నుంచి కుంటుకుంటూ ఇంటికొస్తే నిపుణుల కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు. పెదనాన్నగారు సోఫాలోనే ఉంటారు. తల తిప్పకుండానే "ఎదిగే వయసు కదరా, నొప్పులుంటాయి" అని తేల్చేస్తారు. ఈ నిర్ధారణలో ఉన్న సౌకర్యం మరే వైద్య విధానంలోనూ లేదు. పరీక్షలు అక్కర్లేదు, ఫీజు లేదు, అన్నిటికీ మించి రోగి మోకాలు చూడాల్సిన పని లేదు.

ఎదిగే నొప్పులనేవి నిజంగానే ఉన్నాయి, పాపం. కాకపోతే వాటికి కొన్ని పద్ధతులున్నాయి. ఎక్కువగా మూడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు వస్తాయి. సాయంత్రమో రాత్రో రెండు కాళ్ల పిక్కలూ తొడలూ లాగుతాయి, తెల్లారేసరికి పోతాయి. మర్నాడు పిల్లాడు మామూలుగానే గెంతుతాడు. ఎదుగుదలే వాటికి కారణమని ఇప్పటికీ ఎవరూ రుజువు చేయలేదు. అయినా పెదనాన్నగారికి రుజువులతో పనేముంది?

మనవాడి మోకాలికి ఈ పద్ధతులేవీ పట్టవు. నొప్పి కుడికాలికే, అదీ ఒకేచోట. గెంతినప్పుడు, పరుగెత్తినప్పుడు, మెట్లు దిగేటప్పుడు, మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు వస్తుంది. చిప్పకు కాస్త కింద, కాలి ఎముక మొదట్లో ఉన్న బొడిపె మీద వేలితో నొక్కితే వాడు ఎగిరిపడతాడు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే కుడివైపు బొడిపె కాస్త ఉబ్బి కూడా ఉంటుంది. ఇంత చూడాలంటే సోఫా దిగాలి కాబట్టి ఎవరూ చూడలేదు.

తొడ ముందు కండరం లాగే లాగుడంతా చిప్ప మీదుగా టెండన్ ద్వారా వచ్చి ఆ బొడిపె మీదే పడుతుంది. ఈ వయసులో అక్కడి ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు. గెంతిన ప్రతిసారీ ఆ లేతచోటును కండరం లాగుతుంది, అది కోలుకునేలోపే మళ్లీ గెంతు. 1903లో ఇద్దరు డాక్టర్లు విడివిడిగా దీన్ని వర్ణించారు కాబట్టి ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. మడమలో వచ్చే ఇలాంటి నొప్పిని సెవర్స్ అంటారు. మడమను రెండు పక్కల నుంచి నొక్కితే అదెక్కడుందో పిల్లాడే చెప్తాడు.

ఇంట్లో రెండో పార్టీ కూడా ఉంది. అమ్మ, అమ్మమ్మ కలిసి సంపూర్ణ విశ్రాంతి ప్రకటించారు. మూడు వారాలు మంచం, ఫోను. నొప్పి పోయింది. తొడ బలమూ దాంతోపాటే తగ్గింది. సోమవారం ఒక్కసారిగా పూర్తి ప్రాక్టీస్‌కు పంపితే బుధవారానికి నొప్పి తిరిగొచ్చింది. "చూశారా, రెస్ట్ వల్ల ఏం కాదు" అని పెదనాన్నగారు విజయోత్సవం జరుపుకున్నారు.

ఫిజియోథెరపిస్టు మాత్రం బొత్తిగా రసం లేని ప్రశ్న వేసింది: వారానికి ఎన్ని గంటలు ఆడుతున్నాడు? స్కూల్ కోచ్ ఆరన్నాడు, క్లబ్ కోచ్ ఏడన్నాడు, ఆదివారం టోర్నమెంట్లాయన మూడేగా అన్నాడు. ఎవరి లెక్క వారిది న్యాయంగానే ఉంది. మోకాలు మాత్రం పదహారు గంటలూ తనే మోస్తోంది. వారంలో ఆట గంటలు పిల్లల వయసు అంకె దాటకూడదని, ఒకరోజైనా పూర్తిగా సెలవుండాలని క్రీడా వైద్యులు చెప్పే మోటు లెక్క. ముగ్గురు కోచ్‌లు ఒకచోట కూర్చుని కూడిక చేయడం మాత్రం ఒలింపిక్స్ నిర్వహణ కన్నా కష్టమని తేలింది.

ఆమె చెప్పిన విశ్రాంతిలో మంచం లేదు. కొన్ని వారాలు గెంతులు, స్ప్రింట్లు బంద్. నిలబడి షూటింగ్, ఈత, నొప్పి లేకుంటే సైకిల్ సరే. గోడకు వీపు ఆనించి సగం కూర్చున్నట్టు అరనిమిషం నిలవడం లాంటి తొడ వ్యాయామాలు. తర్వాత మెల్లగా జాగింగ్, ఆపైన పరుగు, అన్నిటికన్నా చివర గెంతులు. పదికి మూడు దాటని నొప్పి, మర్నాడు పొద్దుటికి సర్దుకుంటే పరవాలేదు. అంతకు మించినా, కుంటినా ఒక మెట్టు వెనక్కి. ఎముక గట్టిపడేదాకా, అంటే ఏడాది రెండేళ్లపాటు, నొప్పి అప్పుడప్పుడూ పలకరిస్తుంది. బొడిపె తర్వాత కూడా ఉండిపోవచ్చు.

ఇవి కాక రాత్రి నిద్ర లేపే నొప్పి, జ్వరం, మోకాలు మొత్తం వాయడం, గెంతగానే టప్‌మని శబ్దమొచ్చి కాలు మోపలేకపోవడం ఉంటే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమంది. బొడిపె నొక్కినా నొప్పి లేక, కుంటుతూ మాత్రం ఉంటే తుంటి కూడా చూపించాలట, తుంటి దగ్గర తొడ ఎముక తల జారినా నొప్పి మోకాల్లోనే తెలియొచ్చు కాబట్టి. తుంటికీ మోకాలికీ ముడేమిటని పెదనాన్నగారు నవ్వారు.

నాన్న అంతా శ్రద్ధగా విని, రాసుకుని, ఒకటే అడిగారు. "అయితే ఆదివారం ఫైనల్ ఆడొచ్చంటారా, మేడమ్?"

"ముందు వాణ్ణి ఆ మెట్లు దిగమనండి" అందామె.