టీషర్టు మీద అక్షరాలు తీసే ముందు ఒక్క నిమిషం ఆగండి

మా నాయనకు ఒక షోరూమ్‌లో నేవీ బ్లూ టీషర్టు ఊరికే ఇచ్చారు. మంచి మందపు కాటన్, అనంతపురం ఎండకు హాయిగా ఉండే బట్ట. కానీ రొమ్ము మీద జానెడు వెడల్పున తెల్లటి అక్షరాల్లో వాళ్ల నినాదం. ఏడాది పాటు ఇంట్లోనే తొడుక్కున్నాడు గానీ దాంతో వీధిలోకి మాత్రం పోలేదు. "ఈ వయసులో నా మీద వాళ్ల బోర్డు ఏందిరా?" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. బట్ట ఇచ్చినవాళ్లు దాన్ని తొడుక్కునే మనిషి గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

తీసేద్దామని కూర్చునేసరికి నాకు అంతకుముందు పాడుచేసిన తెల్ల టీషర్టు గుర్తొచ్చింది. "పేపర్ వేసి ఇస్త్రీ చేయండి, అక్షరాలు పేపర్‌కు అంటుకుపోతాయి" అని ఒక వీడియోలో చూసి అలాగే చేశాను. ఆ ఎర్రటి ప్రింటు కరిగి చుట్టూ పాకింది, న్యూస్‌పేపర్ సిరా కూడా బట్టకు దిగింది. ఇలాంటి వీడియోల మీద నాకు నిజంగా కోపం. ఆ ప్రింటు ఏ రకమో ఒక్కరూ చెప్పరు. ముందు తేల్చుకోవాల్సింది అదే.

వేలితో తడిమి చూడండి. అక్షరం అంచు గోరుకు తగిలి, పైన పల్చటి ప్లాస్టిక్ షీటు అతికించినట్టు ఉంటే అది వేడితో అంటించిన స్టిక్కర్ రకం. దాన్ని పట్టి ఉంచేది వేడికి మెత్తబడే జిగురు కాబట్టి చాలావరకు ఊడుతుంది. రబ్బరులా మందంగా ఉండి, సాగదీస్తే చీలికలు కనిపిస్తే అది స్క్రీన్ ప్రింటింగ్‌లో వాడే ప్లాస్టిక్ ఇంకు. అది దారాల సందుల్లోకి దిగి గట్టిపడుతుంది, కాబట్టి షీటులా లేవదు. కొద్దికొద్దిగా నానబెట్టి గీకాలి, అప్పుడు కూడా మచ్చ మిగలవచ్చు. తడిమితే చేతికి ఏమీ తగలకపోతే రంగు దారంలోకే వెళ్లిపోయిందని అర్థం. ర్యాలీల్లో, టోర్నమెంట్లలో పంచే పాలిస్టర్ టీషర్టులు ఎక్కువగా ఇలాంటివే. వాటి జోలికి పోవద్దు, బట్ట చిరుగుతుంది గానీ అక్షరం పోదు.

నాయన టీషర్టు స్టిక్కర్ రకం. లోపలివైపు బయటికి తిప్పి, ప్రింటు కింద మందపాటి గోధుమరంగు కాగితం పెట్టాను. ఇస్త్రీపెట్టెను కాటన్ గుర్తు దగ్గర పెట్టి, ఆవిరి లేకుండా, బట్ట వెనకవైపు నుంచి పది పదిహేను సెకన్లు అదిమాను. వేడి తగ్గకముందే తిప్పి, పట్టకారుతో అక్షరం మూలను లేపి మెల్లగా లాగాను. చల్లారితే మళ్లీ పట్టేస్తుంది, మళ్లీ వేడి చేయాల్సిందే. తొందరపడి లాగితే దారం కూడా లేస్తుంది. అన్ని అక్షరాలకూ గంటకు పైగా పట్టింది.

అక్షరాలు పోయాక జిగురు మిగిలింది. చేత్తో ముట్టుకుంటే అంటుకుంటోంది. దానికి అసిటోన్ తెచ్చాను. గోళ్ల రంగు తీసే సీసాల్లో కొన్నింటిలో అసిటోనే ఉండదు, కొన్నింటిలో నూనె, రంగు కలుపుతారు, అవి కొత్త మచ్చ పెడతాయి. ముందు లోపలి కుట్టు దగ్గర ఒక చుక్క వేసి, దూదికి బట్ట రంగు అంటుతుందా అని చూశాను. తర్వాత మా ఆవిడ చేత వంటింట్లో స్టవ్ ఆపించి, తలుపులు తీసి మొదలుపెట్టాను, ఎందుకంటే దాని ఆవిరి మంట దొరికితే భగ్గుమంటుంది. దూదితో తడిపి, జిగురు ఉబ్బాక పాత ఏటీఎం కార్డు అంచుతో బయటి నుంచి మధ్యకు గీకాను. మధ్య నుంచి బయటికి గీకితే జిగురు పాకుతుంది. చివర గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఉతికాను. మెరిసే సాటిన్ లాంటి అసిటేట్ బట్టయితే అసిటోన్ తగలనీయకండి, బట్టే కరుగుతుంది.

ఆరాక చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. అక్షరాలు లేవు గానీ నినాదం మొత్తం చదవగలిగేలా ఉంది! ఏడాది పాటు ఎండకు, ఉతుకులకు చుట్టూ ఉన్న బట్ట వెలిసింది, అక్షరాల కింద బట్ట మాత్రం కొత్త నీలంలోనే ఉండిపోయింది. అది మరక కాదు, ఎంత రుద్దినా పోదు. ఈ సంగతి ఎవరూ ముందే చెప్పరు. కొత్తగా ఉన్నప్పుడే తీసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు.

ఇక మిగిలిన దారి రంగు వేయడమే. మళ్లీ నీలం వేస్తే తేడా అలాగే తెలుస్తుందని కాటన్‌కు వేసే నల్ల రంగు తెచ్చి, బట్ట మొత్తం ముంచాను. జిగురు ఏమాత్రం మిగిలినా అక్కడ రంగు పట్టదు కాబట్టి అంతకుముందు ఇంకోసారి అసిటోన్‌తో తుడిచాను. అక్షరాల నీడ దాదాపు పోయింది, ఎండలో ఏటవాలుగా చూస్తే తప్ప తెలియదు. కుట్టు దారం మాత్రం నీలంగానే ఉంది. అది పాలిస్టర్, కాటన్ రంగు దానికి అంటదు.

పొద్దున నాయన దాన్ని తొడుక్కుని క్లాక్ టవర్ వైపు నడిచి వచ్చాడు. రాగానే భుజం దగ్గరి నీలం కుట్టు చూపించి, "ఇది బాగుందిరా, ఉండనీ" అన్నాడు.